అసెంబ్లీలో కాపీ గురించి గట్టిగా చెప్పాలి, కానీ ఎవరూ తలదించుకోకూడదు: ఎలా మాట్లాడాలి?

మంజీర_హెచ్ఎం
మాది జిల్లా పరిషత్ హైస్కూల్, ఆరు నుంచి పది వరకు 340 మంది పిల్లలు. ఎస్‌ఏ-1 ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతుంటే చక్రవడ్డీ లెక్కలో 11 మంది తప్పులు ఒకేలా కనబడ్డాయి. అదే పరీక్షలో ఇద్దరి దగ్గర చిట్టీలు దొరికాయి. సోమవారం అసెంబ్లీలో నేను మాట్లాడాలి. వీళ్లందరినీ ముందుకు పిలిచి నిలబెడితే తప్ప మిగతావాళ్లకు భయం ఉండదని స్టాఫ్‌లో కొందరంటున్నారు. చూసీచూడనట్టు వదిలేద్దామని ఇంకొందరు. నాకు రెండూ నచ్చలేదు. మాట గట్టిగా ఉండాలి, కానీ ఏ పిల్లవాడూ ఆ రోజు స్కూల్ ఎగ్గొట్టి ఇంట్లో కూర్చునే పరిస్థితి రాకూడదు. ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి, ఏ మాటలు అనకూడదు?

శ్రీను_పీఈటీ
పేర్లు చదవాల్సిందే సార్. చాటుగా చెప్తే చాటుగానే మర్చిపోతారు. 1997 చట్టం ఉండనే ఉంది, కాపీ కొడితే డిబార్ అవుతారు, కేసు కూడా అవుతుందని మైకులో చెప్పండి. ఎస్‌ఏ-2కి ఒక్క చిట్టీ రాదు.

లెక్కల_మాస్టారు
ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం. ఆ 11 మంది రాసిన జవాబు ఏంటి సార్? లెక్కతో సహా పెట్టండి. ఒకే తప్పు చేసినంత మాత్రాన కాపీ అని చెప్పలేం.

మంజీర_హెచ్ఎం
అసలు 8,000, వడ్డీ రేటు 10 శాతం, కాలం 2 ఏళ్లు. చక్రవడ్డీ 1,680 రావాలి. ఏడుగురు 1,600 వేశారు. నలుగురు 1,860 వేశారు.

లెక్కల_మాస్టారు
ఆ ఏడుగురినీ ఇప్పుడే పక్కన పెట్టేయండి. 8,000కి 10 శాతం చొప్పున రెండేళ్లకు సాధారణ వడ్డీ కడితే వచ్చేది 1,600. చక్రవడ్డీ అడిగితే అలవాటుకొద్దీ సాధారణ వడ్డీ కట్టడం ప్రతి తరగతిలో జరిగేదే. ఎదురెదురు ఊళ్లలో కూర్చుని రాసినా అదే తప్పు చేస్తారు. అది పాఠం ఎక్కలేదనడానికి గుర్తు. కాపీకి గుర్తు కాదు.

ఆ నలుగురి పేపర్లు మాత్రం దగ్గర పెట్టుకుని చూడాలి. మొదటి ఏడాది చివర 8,800, రెండో ఏడాది చివర 9,680 రావాలి. వాళ్లలో ఎవరో ఒకరు 9,680ని 9,860 అని అంకెలు తారుమారు చేసి, అందులోంచి 8,000 తీసేసి 1,860 వేసి ఉంటారు. ఇది చెయ్యి జారిన తప్పు. ఇలాంటి తప్పు నలుగురికి విడివిడిగా ఒకేచోట రావడం అరుదు. ఇప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, 8,800 అనే మధ్య మెట్టు ఎవరి పేపర్లో ఉంది, ఎవరి పేపర్లో లేదు? మెట్లు లేకుండా నేరుగా 9,860 ఉంటే అది చూసి రాసింది అయ్యుండొచ్చు. రెండు, ఆ రోజు సీటింగ్ ప్లాన్ తీసి నలుగురూ ఎక్కడ కూర్చున్నారో గుర్తు పెట్టండి. ఒకడు కిటికీ పక్కన మొదటి బెంచీ, ఇంకొకడు తలుపు దగ్గర చివరి బెంచీ అయితే మీ అనుమానం సగం పోతుంది.

అయినా పేపర్ చూసి ఎవరు చూపించారో, ఎవరు చూశారో తేలదు. నలుగురినీ వేర్వేరుగా, క్లాస్ టీచర్ పక్కన ఉండగా కూర్చోబెట్టి కొత్త లెక్క ఇవ్వండి. 12,000, 5 శాతం, 2 ఏళ్లు. 12,600 వచ్చి, ఆపైన 13,230 వచ్చి, వడ్డీ 1,230 తేలిస్తే ఆ పిల్లకు లెక్క వచ్చు. రాకపోతే నేరం రుజువైందని కాదు, ఆ జవాబు తనది కాకపోవచ్చని మాత్రమే.

సోమవారంలోపు ఇది పూర్తి కాకపోతే అసెంబ్లీలో అంకె చెప్పకండి. "పదకొండు మంది" అని మైకులో అన్నాక అందులో ఏడుగురు తప్పు చేయలేదని తేలితే మాట వెనక్కి తీసుకోవడం కష్టం.

పద్మజ_టీచర్
శ్రీను గారూ, 1997 చట్టం పబ్లిక్ పరీక్షల కోసం చేసింది. ఎస్‌ఏ-1 బడిలో పెట్టుకునే పరీక్ష. దీనికి డిబార్ లేదు, కేసు లేదు. 2024లో వచ్చిన కేంద్ర చట్టాన్ని కూడా కొందరు దీనికి ముడిపెడుతున్నారు. అది యూపీఎస్‌సీ, రైల్వే, బ్యాంకు, ఎన్‌టీఏ లాంటి పరీక్షల్లో పేపర్ లీకులు, ముఠాల మీద తెచ్చింది. పదో తరగతి పిల్లలకు ఈ తేడా తెలుసు. మీరు జరగని శిక్ష చెప్పారనుకోండి, జరిగే శిక్ష గురించి చెప్పినా ఇక నమ్మరు.

పేర్లు చదవడం గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ చట్టం చెప్పే 6-14 ఏళ్ల వయసులోనే ఉంటారు. 340 మంది ముందు నిలబెట్టి "వీళ్లు కాపీ కొట్టారు" అనడం నా లెక్కలో ఆ గీత దాటడమే.

శ్రీను_పీఈటీ
చట్టం విషయంలో నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నా. కానీ ప్రశ్న అలాగే ఉంది కదా మేడమ్. భయం లేకపోతే ఎలా ఆగుతారు? "కాపీ మంచిది కాదు పిల్లలూ" అని ఐదు నిమిషాలు చెప్తే ఎండలో నిలబడి విని వెళ్లిపోతారు.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు
శ్రీను అడిగింది సరైన ప్రశ్న. శిక్ష ఎంత పెద్దదని కాదు, తప్పకుండా జరుగుతుందా లేదా అన్నదే పిల్లలు చూస్తారు. కాబట్టి ప్రసంగంలో సగం సమయం ఒక్కదానికే పెట్టండి: ఇకమీదట హాల్లో చిట్టీ దొరికితే ఏం జరుగుతుంది. వరుసగా, పొల్లుపోకుండా చెప్పాలి. ఇన్విజిలేటర్ చిట్టీ తీసుకుంటారు. అప్పటిదాకా రాసిన చోట గీత గీసి, టైము వేసి సంతకం పెడతారు. పిల్లవాడు ఆ గీత కింది నుంచి పరీక్ష రాస్తూనే ఉంటాడు, బయటికి పంపరు. జేబులు తడమరు, బెంచీ ఎక్కించరు, గట్టిగా అరవరు. పరీక్ష అయ్యాక హెచ్ఎం గదిలో ఆ పిల్లవాడి మాట రాయించుకుంటారు. చిట్టీలో ఉన్న ప్రశ్నకు సున్నా. అమ్మానాన్నల్లో ఒకరిని పిలుస్తారు. వారంలోపు అదే పాఠం మీద మళ్లీ చిన్న పరీక్ష రాయాలి, ఆ మార్కులు రికార్డులోకి రావు. రెండోసారి దొరికితే ఆ పేపర్ మొత్తం సున్నా. టీచర్ కొడుకైనా, క్లాస్ ఫస్టయినా ఇదే.

ఇది గట్టిగా అరిచి చెప్పనక్కర్లేదు. బస్ టైమింగ్స్ చెప్పినట్టు చెప్పండి. అప్పుడే పిల్లలకు ఇది నిజంగా జరుగుతుందని అర్థమవుతుంది.

ఇక అనకూడని మాటలు. "దొంగలు" వద్దు. "మన స్కూల్ పరువు తీశారు" వద్దు, ఎందుకంటే ఆ మాటతో ఇంటర్వెల్‌లో మిగతా పిల్లలు వాళ్ల మీద పడతారు. అన్నిటికంటే ప్రమాదకరమైనది "ఎవరో వాళ్లకు తెలుసు" అనే మాట. పేరు చెప్పలేదనుకుంటాం. కానీ ఆ మాట అన్న వెంటనే 340 తలలు ఎనిమిదో తరగతి వరుస వైపు తిరుగుతాయి. "ఎనిమిదో తరగతి" అన్నా అంతే. "లెక్కల పరీక్ష" అన్నా అంతే. "ఎస్‌ఏ-1లో కొన్ని చోట్ల" అంటే చాలు.

కళ్లు కూడా మాట్లాడతాయి సార్. మీరు మాట్లాడేటప్పుడు ఎనిమిదో తరగతి వరుస మీద చూపు ఆగకూడదు. ఎదురుగా గోడ మీద గడియారమో, జెండా కర్రో చూసి మాట్లాడండి.

కవిత_అమ్మ
మా పాప పదో తరగతి. మొన్న స్లిప్ టెస్టులో పక్కమ్మాయికి తన పేపర్ చూపించిందట. టీచర్ ఇద్దరికీ మార్కులు తీసేశారు. మా పాప అంతా తనే చదివి రాసింది కదా, తనకెందుకు తీయాలి? పబ్లిక్‌లో ఇలా జరిగితే డిబార్ చేస్తారా? ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సైన్స్_సుధ
కవిత గారూ, ఇక్కడ నడుస్తున్నది అసెంబ్లీ ప్రసంగం గురించి, పబ్లిక్ గురించి కాదు. స్లిప్ టెస్టు మీ స్కూల్ అంతర్గత విషయం, కంగారు పడకండి. పబ్లిక్‌లో మాత్రం చూపించడమూ మాల్‌ప్రాక్టీస్ కిందే చూస్తారు, కాబట్టి అలవాటు ఇప్పుడే ఆపించండి.

కానీ మీరు అడిగింది హెచ్ఎం గారి ప్రసంగంలో ఉండాల్సిన విషయమే. చూపించే పిల్లలతో టీచర్లం ఎవరమూ దీని గురించి మాట్లాడం. వాళ్లు తప్పు చేస్తున్నామనుకోరు, స్నేహం అనుకుంటారు. చూపించకపోతే ఇంటర్వెల్‌లో ఎవరూ మాట్లాడరని భయం. "చూపించకండి" అని చెప్పి వదిలేస్తే వాళ్ల ఇబ్బంది తీరదు. తప్పించుకునే దారి మనమే ఇవ్వాలి. "రాసిన పేజీ మీద అట్ట పెట్టుకోవడం మన బడి నియమం, అందరూ పెట్టాలి" అని ప్రకటిస్తే చాలు. అప్పుడు పిల్ల "నేను చూపించను" అనక్కర్లేదు. "సార్ పెట్టమన్నారు" అంటే సరిపోతుంది.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు
సుధ గారు చెప్పిన అట్ట మాట అద్భుతం. అది తప్పకుండా పెట్టండి.

ఓరుగల్లు_సోషల్
అన్నీ పిల్లల మీదికే నెడుతున్నరు గానీ, బెంచీకి ఎంతమందిని కూసోబెట్టిన్రు సార్? ముగ్గురా? ముగ్గురు కూసుంటే నడిమిట్లోడు తల తిప్పకున్నా రెండు పేపర్లు కనబడ్తయి. ఎనిమిదోళ్ల పక్కన ఎనిమిదోళ్లే ఉంటే ఇగ అడిగేదేముంది? గా సంగతి కూడా మైకుల చెప్పాలె. తప్పు మాది కూడా ఉన్నదని హెచ్ఎం అంటే పిల్లలు ఇంటరు.

మంజీర_హెచ్ఎం
నిజమే, ముగ్గురిని కూర్చోబెట్టాం. ఇన్విజిలేటర్లు తక్కువై రెండు గదులు కలిపేశాం. ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లూ ఒకే హాల్లో రాశాయి.

పద్మజ_టీచర్
అయితే ఎస్‌ఏ-2కి బెంచీకి ఇద్దరే. ఆ చివర ఎనిమిది, ఈ చివర తొమ్మిది. ఇది ఖర్చు లేని పని, సీటింగ్ ప్లాన్ మార్చితే చాలు. అసెంబ్లీలో చెప్పండి.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు
ఇక్కడ నేను ఒప్పుకోను. బెంచీలు మారుస్తామని చెప్పండి. కానీ "తప్పు మాది కూడా" అని 340 మంది ముందు అనకండి. సాయంత్రానికి అది ఇంట్లో "సార్లే తప్పు ఒప్పుకున్నారంట" అయిపోతుంది. చిట్టీ రాసుకొచ్చిన పిల్లవాడికి బెంచీ సాకు దొరుకుతుంది. చిట్టీకీ బెంచీకీ సంబంధం లేదు కదా.

ఓరుగల్లు_సోషల్
చిట్టీకి లేదు సార్, ఒప్పుకుంట. కానీ గా నలుగురికి ఉన్నది. రెండూ ఒక్కటే అన్నట్టు మాట్లాడితే అది అన్యాయం.

శ్రీను_పీఈటీ
ఇది మాత్రం నాకూ కరెక్టే అనిపిస్తోంది. ఇంటి నుంచి రాసుకొచ్చినవాడూ, ఎదురుగా కనబడితే చూసినవాడూ ఒకటి కాదు.

సైన్స్_సుధ
ప్రసంగంలో రెండిటినీ వేరు చేస్తే సరిపోతుంది. చిట్టీ తెస్తే ఒక వరస, పక్క పేపర్ చూస్తే ఇంకో వరస. చూసినవాళ్లకు మొదటిసారి సీటు మార్చి, చూసిన ప్రశ్న కొట్టేసి, దాని బదులు అదే పాఠంలో ఇంకో ప్రశ్న ఇవ్వొచ్చు.

లెక్కల_మాస్టారు
బదులు ప్రశ్న ఇవ్వడం మీద నాకు అనుమానం. దొరికితే ఇంకో అవకాశం, దొరక్కపోతే మార్కులు. రెండు చేతులా లాభమేగా అనుకునే పిల్లలూ ఉంటారు. ఇస్తే ఆ ప్రశ్నకు సగం మార్కులే లెక్కపెట్టండి.

మంజీర_హెచ్ఎం
మీరందరూ చెప్పినవి చదివి ఒక ముసాయిదా రాశాను. చూసి కోత పెట్టండి.

"ఎస్‌ఏ-1లో కొన్ని చోట్ల పిల్లలు సొంతంగా రాయని జవాబులు మాకు కనబడ్డాయి. ఎవరివి, ఎన్ని అని నేను ఇక్కడ చెప్పను. మీరూ ఒకరినొకరు అడగొద్దు. ఎవరితో మాట్లాడాలో వాళ్లతో నేను విడిగా మాట్లాడతాను. అడిగి ఏడిపించడం కూడా ఈ బడిలో తప్పే.

జవాబు పేపర్ మాకెందుకు కావాలో చెప్తాను. మీకు ఏ పాఠం రాలేదో అందులో చూసుకుంటాం. పది మంది ఒక లెక్క తప్పు చేస్తే ఆ లెక్క మళ్లీ చెప్తాం. చూసి రాస్తే మాకు అది వచ్చినట్టే కనబడుతుంది, మళ్లీ చెప్పం. తర్వాతి తరగతిలో ఆ పాఠం మీదే ఇంకో పాఠం ఉంటుంది, అప్పుడు అది అస్సలు అర్థం కాదు.

ఎస్‌ఏ-2 నుంచి బెంచీకి ఇద్దరే కూర్చుంటారు, పక్కన వేరే తరగతివాళ్లుంటారు. ఇంతకుముందు ఇరుగ్గా కూర్చోబెట్టాం, అది మారుస్తున్నాం. రాసిన పేజీ మీద అందరూ అట్ట పెట్టుకోవాలి. ఎవరైనా చూపించమని అడిగితే అట్ట తీయొద్దని సార్ చెప్పారనండి.

చిట్టీ దొరికితే ఏం జరుగుతుందో వినండి. చిట్టీ తీసుకుంటాం. పేపర్లో గీత గీసి టైము వేస్తాం. మీరు పరీక్ష రాస్తూనే ఉంటారు. ఎవరూ మీ జేబులు చూడరు, మిమ్మల్ని తిట్టరు. చిట్టీలో ఉన్న ప్రశ్నకు సున్నా. ఇంట్లోవాళ్లను పిలుస్తాం. వారంలో అదే పాఠం మళ్లీ రాస్తారు. రెండోసారి అయితే పేపర్ మొత్తం సున్నా. ఎవరికైనా ఇదే. పక్క పేపర్ చూస్తే సీటు మారుస్తాం, ఆ ప్రశ్న కొట్టేసి వేరే ప్రశ్న ఇస్తాం, దానికి సగం మార్కులే.

ఎస్‌ఏ-1లో జరిగింది మీ అంతట మీరు చెప్పాలనుకుంటే శుక్రవారం సాయంత్రం 4 లోపు మీ క్లాస్ టీచర్‌కు చెప్పండి. అలా చెప్పినవాళ్లకు ఇది మొదటిసారి కింద లెక్కపెట్టం. ఆ ప్రశ్న మార్కులు పోతాయి, అంతే."

పద్మజ_టీచర్
ఇది బయటికి చదివితే నిమిషానికి 90 మాటల లెక్కన రెండు నిమిషాలే. మీ ఐదు నిమిషాల్లో సగానికి పైనే మిగులుతుంది. ఆ మిగిలింది నింపకండి. చిట్టీ వరస దగ్గర నెమ్మదించండి, ఆరో తరగతి పిల్లలకూ అందాలి. ప్రతిజ్ఞ అయిపోగానే మొదలుపెట్టండి. ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకుంటామని పిల్లలు అప్పుడే చెప్పి ఉంటారు, "అడిగి ఏడిపించొద్దు" అన్న మీ మాట సూటిగా తగులుతుంది.

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు
"ఇరుగ్గా కూర్చోబెట్టాం" అన్న మాట నేనైతే తీసేస్తాను. ఉంచినా పర్వాలేదు, మీ బడి మీకు తెలుసు. శుక్రవారం గడువు మాత్రం జాగ్రత్త. స్టాఫ్ రూమ్‌లో పది మంది ముందు చెప్పుకోవాల్సి వస్తే ఒక్కరూ రారు. క్లాస్ టీచర్ లంచ్ తర్వాత పావుగంట ఖాళీ క్లాసులో ఉండాలి. ఇంకో మాట: "చెప్పినవాళ్లకు మొదటిసారి కింద లెక్కపెట్టం" అంటే చెప్పనివాళ్ల సంగతేంటని పిల్లలు అడుగుతారు. జవాబు ఉంచుకోండి.

ఓరుగల్లు_సోషల్
"ఇరుగ్గా" ఉంచుండ్రి సార్. గదే నిజం.

లెక్కల_మాస్టారు
ఆ 1,600 వేసిన ఏడుగురికి చక్రవడ్డీ మళ్లీ ఒక పీరియడ్ చెప్పించండి, అసెంబ్లీతో కలపకుండా. మంగళవారం అయితే మేలు. సోమవారమే పెడితే "సార్ అన్నది మన గురించే" అనుకుంటారు.

సైన్స్_సుధ
మైకు సౌండ్ ఎంత ఉంటుంది సార్ మీ దగ్గర? మా వైపు అసెంబ్లీ మైకు రోడ్డు మీదికి వినబడుతుంది. అలా అయితే మైకు ఆపి, పిల్లల్ని దగ్గరికి జరిపి మాట్లాడండి. ఇంట్లోవాళ్లు సగం విని మీ గేటు దగ్గరికి వస్తారు.

మంజీర_హెచ్ఎం
మైకు మాట నిజమే, బస్టాప్ దాకా వినబడుతుంది. ఆపేస్తాను. ఇంకొకటి అడగాలి. చిట్టీలు దొరికిన ఇద్దరితో నేను ఇంకా మాట్లాడలేదు. సోమవారం అసెంబ్లీ అయ్యాక పిలుద్దామనుకుంటున్నాను. సరేనా?

విశ్రాంత_ప్రధానోపాధ్యాయుడు
వద్దు. అసెంబ్లీకి ముందే మాట్లాడాలి. లేకపోతే ఆ రెండు నిమిషాలూ తమ పేరు ఎప్పుడు వస్తుందా అని నిలబడతారు, మీరు చెప్పింది ఒక్క ముక్క వినరు. ఈరోజు శనివారం, సాయంత్రం బడి వదిలాక ఒక్కొక్కరినీ విడిగా పిలవండి. ఏం జరిగిందో వాళ్లనే చెప్పనివ్వండి. సోమవారం నేను ఈ విషయం మాట్లాడతాను, మీ పేరు రాదు, మీ తరగతి పేరు కూడా రాదు అని చెప్పండి. మీ నాన్నగారికి నేనే ఫోన్ చేస్తానని కూడా చెప్పండి, ఊళ్లో ఇంకెవరో చెప్పేలోపు.

మంజీర_హెచ్ఎం
ఒకరితో ఇప్పుడే మాట్లాడాను. రెండో అబ్బాయి పరీక్ష రోజు నుంచి బడికి రావట్లేదు.

పద్మజ_టీచర్
అయితే రేపు ఇంటికి వెళ్లండి సార్. మీరు ఒక్కరే వెళ్తే భయపడతాడు, క్లాస్ టీచర్‌ను తీసుకెళ్లండి. పేపర్ చేతిలో పట్టుకెళ్లకండి. "సోమవారం అసెంబ్లీకి రా, నీ వరుసలో నిలబడు" అన్నంత వరకే చెప్పండి. మిగతాది బడికి వచ్చాక.

శ్రీను_పీఈటీ
వాడు వస్తే సోమవారం వరుసలు నేనే పెట్టిస్తాను. ఎనిమిదో తరగతిని చివరకో ముందుకో కాకుండా మధ్యలో నిలబెడతా. ఎవరూ తిరిగి చూసే వీలుండదు.